మూడో రోజు సీసా పొంగి పొర్లింది, ఆరో రోజుకి చలనం లేదు. ఈ స్టార్టర్ పారేయాలా?

గోధుమరంగు (సోమవారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. సార్‌డో బ్రెడ్ కోసం మొదటిసారి స్టార్టర్, అంటే బ్రెడ్‌ని పొంగించే పులిసిన పిండి, పెట్టాను. అరకప్పు ముడి గోధుమపిండి, అరకప్పు నీళ్లు కలిపి గాజు సీసాలో పోసి మూత వదులుగా పెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. రెండో రోజే బుడగలు వచ్చాయి. మూడో రోజు పొద్దున లేచి చూస్తే సీసా నిండిపోయి మూత పక్కనుంచి కారుతోంది. వాసన మాత్రం ఘోరం, వాంతి కంపు. అయినా ఆత్రం ఆగక ఒక చెంచాడు తీసి నీళ్ల గ్లాసులో వేస్తే చక్కగా తేలింది. బ్రెడ్ పుస్తకాల్లో, వీడియోల్లో అందరూ తేలితే రెడీ అంటారు కదా, కానీ ఆ వాసనకి ధైర్యం చాలక చేయలేదు. నాలుగో రోజు నుంచి ఇక ఏమీ లేదు. రోజూ సగం తీసేసి అరకప్పు పిండి, అరకప్పు నీళ్లు వేస్తూనే ఉన్నాను. ఇవాళ ఆరో రోజు, పైన నాలుగు బుడగలు తేలి ఉన్నాయి, కాసేపటికి పిండి అడుక్కి దిగి నీళ్లు పైకి తేరుకుంటున్నాయి. వాసన ఇప్పుడు అంత చెడ్డగా లేదు, కాస్త పుల్లగా ఉంది. ఇది చచ్చిపోయినట్టేనా? తేలిన రోజే చేసేసి ఉండాల్సిందా?

వేడిపెనం (సోమవారం, ఉదయం 8:15)

తేలిందంటే రెడీ అయినట్టే కదండీ, ఆ రోజే చేసేయాల్సింది. ఇప్పుడు మీ స్టార్టర్ ఆకలితో మాడిపోతోంది, అంతకన్నా ఏం లేదు. రోజుకి ఒకసారి సరిపోదు, మూడుసార్లు పిండి వేయండి, అదీ ఎక్కువెక్కువ వేయండి. గాల్లో ఉన్న ఈస్ట్ లోపలికి పోవాలి కాబట్టి మూత తీసేసి పల్చటి గుడ్డ కట్టండి. రెండు రోజుల్లో లేచి కూర్చుంటుంది.

చిన్నచెంచా (సోమవారం, ఉదయం 8:32)

నాకూ ఒకసారి ఇలాగే పొంగలేదు. ఈస్ట్ ప్యాకెట్ డేట్ చూశారా? గోరువెచ్చని నీళ్లలో చెంచాడు చక్కెర వేసి ఈస్ట్ చల్లి పది నిమిషాలు ఆగండి, నురగ రాకపోతే కొత్త ప్యాకెట్ కొనుక్కోవడమే.

గోధుమరంగు (సోమవారం, ఉదయం 8:50)

చిన్నచెంచా గారూ, ఇందులో ప్యాకెట్ ఈస్ట్ లేదండి, పిండి, నీళ్లు మాత్రమే. అందుకే ఈ టెన్షన్ అంతా.

పాతజాడీ (సోమవారం, ఉదయం 10:05)

పారేయకండి. మీరు చెప్పిన ప్రతి గుర్తూ స్టార్టర్ సరైన దారిలో ఉందనే చెబుతోంది. ఆ కంపు కూడా.

మూడో రోజు పొంగించింది ఈస్ట్ కాదు. పిండిలో రకరకాల బ్యాక్టీరియా ముందే ఉంటాయి, తడి తగలగానే మొదట లేచేవి అవే. వాటిలో ల్యూకోనాస్టాక్ అనే జాతి గ్యాస్ బాగా వదులుతుంది, దానితోపాటు మరికొన్ని కలిసి ఆ కంపు తెస్తాయి. ఈస్ట్ అప్పటికి లెక్కలోకే రాదు. ఈ బ్యాక్టీరియా తమ పని చేసుకుంటూ పిండిని పుల్లగా మారుస్తాయి, ఆ పులుపు ఒక స్థాయి దాటాక అవే తట్టుకోలేక ఆగిపోతాయి. మీ నాలుగో రోజు నిశ్శబ్దం అదే. అప్పుడు పులుపుని ఇష్టపడే వేరే బ్యాక్టీరియా పైచేయి అవుతుంది, ఆ పులుపులోనే ఈస్ట్ నెమ్మదిగా లేస్తుంది. బయటికి ఏమీ జరగనట్టు కనిపించే రోజులివే, ఎక్కువమంది స్టార్టర్‌ని పారేసేదీ ఈ రోజుల్లోనే. కొందరికి రెండు రోజుల్లో గడిచిపోతుంది, గది చల్లగా ఉంటే వారం పైన కూడా పడుతుంది.

తేలడం గురించి: నీళ్లలో తేలిందంటే ముద్దలో గ్యాస్ ఉందని అర్థం, అంతే. ఆ గ్యాస్ ఎవరు వదిలారో గ్లాసు చెప్పదు. మూడో రోజు ముద్దతో బ్రెడ్ చేసి ఉంటే, ఉప్పు పడి, పిండి ఎక్కువయ్యాక పొంగడానికి లోపల ఈస్ట్ లేక రాయిలా మిగిలేది. మీరు వాసన చూసి ఆగడం మంచిదైంది. మొదటి వారంలో రుచి కూడా చూడకండి, పచ్చి పిండిలో ఏ బ్యాక్టీరియా పెరుగుతోందో మనకి కనిపించదు.

వేడిపెనం గారూ, మూడుసార్లు ఎక్కువెక్కువ పిండి వేయమన్నది మాత్రం ఇప్పుడు చేయకూడదండి. ఆకలి మాట నిజమే, కానీ అది బలంగా పొంగి దిగిపోయే స్టార్టర్‌కి. ఇది ఇంకా నెమ్మదిగా ఉంది. ఇప్పుడు గబగబా కొత్త పిండి పోస్తే ఉన్న కొద్దిపాటి ఈస్ట్ పలచబడుతుంది, ఇన్నాళ్లూ కూడిన పులుపు కూడా పలచబడి కథ మళ్లీ మూడో రోజు దగ్గర మొదలవుతుంది. ఈస్ట్ కూడా గాల్లోంచి కన్నా పిండిలోంచే ఎక్కువ వస్తుంది. మూత వదులుగా ఉంటే చాలు, గుడ్డ కడితే పైన ఎండి పెచ్చు కడుతుంది.

లెక్కలమాస్టారు (సోమవారం, ఉదయం 11:20)

పైన చెప్పినదానికి ఒకటి కలుపుతాను, ఎవరూ పట్టించుకోనిది. కప్పులు. అరకప్పు నీళ్లు సుమారు 120 గ్రాములు. అరకప్పు గోధుమపిండి 60, 65 గ్రాముల దగ్గర ఉంటుంది. అంటే మీ సీసాలో పిండికి దాదాపు రెట్టింపు నీళ్లున్నాయి. అంత జారుగా ఉన్నది పొంగదు, ఈస్ట్ ఎంత ఉన్నా సరే. బుడగ పుడుతుంది, పట్టి ఉంచే బలం పిండికి లేక పైకొచ్చి పగిలిపోతుంది. పిండి అడుక్కి దిగి నీళ్లు పైన తేరుకోవడం కూడా అందుకే. మూడో రోజు గ్యాస్ అంత ఉధృతంగా వచ్చింది కాబట్టి నురగలా పొంగి పొర్లింది, ఇప్పుడొచ్చే కొద్దిపాటి గ్యాస్‌కి ఆ బలం లేదు.

తూకం వేసి పిండి, నీళ్లు సమానంగా పెట్టండి. ముడి గోధుమపిండితో అలా కలిపితే గట్టి ముద్దలా వస్తుంది, చెంచా నిలబడుతుంది. అలాగే ఉండాలి, కంగారు పడి నీళ్లు పోయకండి. గంటలో కొంచెం మెత్తబడుతుంది.

గోధుమరంగు (సోమవారం, మధ్యాహ్నం 12:10)

అయ్యో, కప్పుల విషయం నేను ఆలోచించనే లేదు. తూకం ఉందండి ఇంట్లో. ఇప్పుడు ఉన్నదాన్ని ఏం చేయాలి? మొత్తం తీసేసి కొంచెం మిగల్చాలా? ఇంట్లో మైదా కూడా ఉంది, దానికి మారాలా?

పాతజాడీ (సోమవారం, మధ్యాహ్నం 12:45)

మాస్టారు చెప్పింది పక్కా, నేను ఆ కప్పుల మాట దాటేశాను.

బాగా కలిపి అందులోంచి 20 గ్రాములు శుభ్రమైన సీసాలోకి తీయండి. దానికి 25 గ్రాముల గోధుమపిండి, 15 గ్రాముల నీళ్లు. ఈ ఒక్కసారికే నీళ్లు తక్కువ, ఎందుకంటే పాతదానిలో ఎక్కువ నీళ్లున్నాయి. రేపటి నుంచి 20 పాతది, 20 పిండి, 20 నీళ్లు. సీసా నిలువుగా, పక్కలు సమంగా ఉన్నది తీసుకోండి, మధ్యలో ఉబ్బిన సీసాలో ఎంత పొంగిందో తెలియదు. కలిపాక పైభాగం సమం చేసి ఆ మట్టానికి రబ్బరు బ్యాండు వేయండి. 24 గంటలకి ఒకసారి చాలు, తను పొంగడం మొదలుపెట్టేదాకా అంతకన్నా వద్దు. గది 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మిగిలిన ముద్ద ఈ రోజుల్లో చెత్తలోకే, ఏ వంటలోనూ వాడకండి.

మైదాకి ఇప్పుడే మారొద్దు. పొట్టులో ఈస్ట్, బ్యాక్టీరియా, అవి తినే ఖనిజాలు ఎక్కువ. పొంగడం నిలకడపడ్డాక కావాలంటే మెల్లగా మార్చుకోవచ్చు.

పైన నీళ్లు తేరితే కలిపేయండి, అది సమస్య కాదు. గులాబీ రంగు, నారింజ రంగు చారలు గానీ, నూగులా బూజు గానీ కనిపిస్తే మాత్రం పైన తీసేసి వాడేద్దామని చూడకండి, మొత్తం పారేసి సీసా కడిగి మళ్లీ మొదలు.

వేడిపెనం (సోమవారం, మధ్యాహ్నం 1:30)

సరే, గాలి మాట వదిలేస్తాను. కానీ పులుపే కావాలంటే పైనాపిల్ రసం వేస్తే పోదా? నేను నీళ్ల బదులు అదే వేసి పెట్టాను, నాకు కంపు అసలు రాలేదు, నాలుగో రోజుకే పొంగింది. ఈవిడా ఇప్పుడు ఆ రసం వేస్తే త్వరగా అవుతుంది కదా.

పాతజాడీ (సోమవారం, మధ్యాహ్నం 2:05)

మొదటి రెండు మూడు రోజులకి ఆ పద్ధతి నిజంగా పనిచేస్తుందండి, మీకు కంపు రాకపోవడానికి కారణం అదే. మొదట్లోనే పులుపు ఉంటే ఆ గ్యాస్ బ్యాక్టీరియా లేవదు. కానీ ఈవిడ సీసా ఇప్పటికే పుల్లబడింది, వాసనే చెబుతోంది. ఇప్పుడు రసం పోస్తే ఒరిగేది ఏమీ లేదు, ఉత్త చక్కెర కలిపినట్టే.

లెక్కలమాస్టారు (సోమవారం, మధ్యాహ్నం 2:20)

నా దగ్గర పులుపు కొలిచే పీహెచ్ కాగితాలున్నాయి కాబట్టి చెబుతున్నా, పిండి నీళ్లు కలిపిన రోజు ఆరు దగ్గర ఉంటుంది, ఈ నిశ్శబ్ద దశకి నాలుగు దగ్గరికి దిగుతుంది. అంత దిగాక ఇంకా పుల్లబరచాల్సింది లేదు, ఈస్ట్ కోసం ఆగడమే మిగిలింది. కాగితాలు కొనాల్సిన అవసరం అందరికీ లేదు, ముక్కు చాలు.

వాన_సాయంత్రం (మంగళవారం, రాత్రి 9:50)

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి, నా గొడవ వేరు. నా స్టార్టర్ రెండింతలు అవుతుంది, తేలుతుంది, అన్నీ బాగున్నాయి. బ్రెడ్ మాత్రం కింద గట్టి పొర, పైన ఒకటో రెండో పెద్ద గుహలు. రాత్రి కొత్త పిండి, నీళ్లు వేసి ఫీడ్ చేస్తే పొద్దున్నకి రెండింతలు అయి ఉంటుంది. ఇక్కడ చలి, గది 18 డిగ్రీలు. ఇంకేం చేయాలి?

పాతజాడీ (బుధవారం, ఉదయం 6:55)

రెండింతలు అవడం ఒక్కటే చూస్తే సగమే చూసినట్టు. ఎన్ని గంటల్లో అయింది, ఎంత వెచ్చదనంలో అయింది అన్నది మిగతా సగం. పొద్దున్నకి అయిందంటే పది, పన్నెండు గంటలు. 18 డిగ్రీల్లో అది మరీ చెడ్డ వేగం కాదు. కానీ బ్రెడ్ కోసం కలిపిన మీ పిండిముద్ద, డో కూడా ఆ చలిలోనే ఉంటుంది, 25 డిగ్రీల వాళ్లు రాసిన సమయం చూసి మీరు ఐదు గంటలకి ఓవెన్‌లో పెడితే అది సగం కూడా పులిసి ఉండదు. కింద గట్టి పొర, అక్కడక్కడా పెద్ద గుహలు చాలాసార్లు తక్కువ పులిసిన డోకి గుర్తు. స్టార్టర్‌ని అనుమానించే ముందు ఒకసారి దాన్ని వెచ్చటి చోట, ఓవెన్ ఆపి లోపల లైటు మాత్రం వేసి పెట్టి చూడండి. లోపల 26 దాటి పోతుందేమో థర్మామీటర్‌తో చూసుకోవాలి, కొన్ని ఓవెన్లలో ఆ లైటు వేడే మరీ ఎక్కువ. సమానంగా కలిపిన స్టార్టర్ అక్కడ ఐదారు గంటల్లో రెండింతలు దాటితే దానిలో లోపం లేనట్టే.

గోధుమరంగు (శుక్రవారం, ఉదయం 8:05)

కదిలింది! తూకానికి మారాక రెండు రోజులు ఏమీ లేదు. నిన్న రబ్బరు బ్యాండు పైకి ఒక వేలెడు వచ్చింది. ఇవాళ తెల్లవారి చూసేసరికి రెండింతలకి దగ్గర్లో ఉంది, పక్కనుంచి చూస్తే లోపలంతా చిన్నా పెద్దా బుడగల గూడు. రాత్రి పదిన్నరకి ఫీడ్ చేశాను కాబట్టి తొమ్మిది గంటలు. వాసన పండిన పండులా, కొంచెం పులుపు. కానీ కలిపి చెంచాడు నీళ్లలో వేస్తే మునిగిపోయింది! మూడో రోజు కంపు కొట్టినది తేలింది, ఇప్పుడు బాగున్నది మునుగుతోంది, ఇదేం లెక్క? రేపు శనివారం బ్రెడ్ చేయొచ్చా?

లెక్కలమాస్టారు (శుక్రవారం, ఉదయం 8:40)

కలిపాక వేశారు కదా, అక్కడే గ్యాస్ పోయింది. పైగా ముడి గోధుమపిండి గ్యాస్‌ని అంత గట్టిగా పట్టి ఉంచదు, రై పిండి అయితే మరీను. బాగా పొంగిన రై స్టార్టర్ మునగడం నేను చూశాను. అదే మైదాతో చేసినది కొంచెం బలహీనంగా ఉన్నా తేలుతుంది. ఆ పరీక్ష మీద నాకు నమ్మకం ఎప్పుడో పోయింది.

వేడిపెనం (శుక్రవారం, ఉదయం 9:10)

నాకు పోలేదు. కలపకుండా పైనుంచి మెత్తగా తీసి వేయండి, తేలితే చేసేయండి. నేను మైదా స్టార్టర్‌తో ఏళ్లుగా అలాగే చేస్తున్నాను, ఎప్పుడూ దెబ్బతినలేదు.

పాతజాడీ (శుక్రవారం, ఉదయం 10:30)

పాతబడ్డ మైదా స్టార్టర్‌కి మీ పరీక్ష సరిపోతుంది, దాని తీరు మీకు ముందే తెలుసు కాబట్టి. కొత్తదానికి నేను ఒప్పుకోను.

గోధుమరంగు గారూ, రేపే వద్దు. ఒకసారి పొంగడం చాలదు, వరుసగా మూడు ఫీడ్లకి ఒకేలా పొంగాలి. ఇవాళ్టి నుంచి రోజుకి రెండుసార్లు ఫీడ్ చేయండి, ఇప్పుడది తినగలదు. 10 పాతది, 20 పిండి, 20 నీళ్లు. ఒక రోజు సెలవు దొరికితే దగ్గర కూర్చుని గంట గంటకీ సీసా చూడండి, ఎన్ని గంటలకి శిఖరానికి చేరిందో ఆ సంఖ్యే మీకు కావలసింది. పైభాగం మొదట ఉబ్బెత్తుగా ఉంటుంది, శిఖరం దగ్గర చదును అవుతుంది, తర్వాత మధ్యలో గుంట పడి గాజుకి పైన చారలు మిగిలిపోతాయి. గాజు మీద ఆ చారలు చూస్తే మీరు నిద్రపోయినప్పుడు ఎంతదాకా వెళ్లి దిగిందో కూడా తెలుస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఈ పాళ్లకి ఐదు నుంచి ఏడు గంటల్లో రెండింతలు దాటి శిఖరానికి వస్తే బాగుంది. వాసన నెయిల్ పాలిష్ రిమూవర్‌లా కొడితే ఆకలి వేసి చాలాసేపయిందని, ముందే ఫీడ్ చేయాలని అర్థం.

ఆ తర్వాత బ్రెడ్ చేసే ముందు ఒక చిన్న పరీక్ష డో. స్టార్టర్ శిఖరంలో ఉన్నప్పుడు 20 గ్రాములు తీసి 100 గ్రాముల మైదా, 60 నీళ్లు, 2 ఉప్పు కలిపి పిసికి నిలువు గ్లాసులో వేసి గుర్తు పెట్టండి. సీసాలో స్టార్టర్ ఉప్పు లేకుండా, తనకి రెండింతల పిండితోనే పొంగుతుంది. బ్రెడ్‌లో ఉప్పు ఉంటుంది, తనకి అయిదింతలు పిండి ఉంటుంది. అది మోయగలదో లేదో సీసా చెప్పదు, ఈ గ్లాసు చెబుతుంది. 25 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటల్లోపు రెండింతలకి దగ్గరపడితే నిశ్చింతగా చేయండి. పాడైనా 100 గ్రాముల పిండే కదా పోయేది.

వాన_సాయంత్రం (శుక్రవారం, రాత్రి 8:20)

ఓవెన్ లైటులో పెట్టి చూశాను, ఆరు గంటలకే రెండింతలు దాటింది. అంటే తప్పు డో సమయానిదే. ఈసారి డో గిన్నెకి కూడా గుర్తు పెడతాను.

గోధుమరంగు (మంగళవారం, సాయంత్రం 6:15)

పరీక్ష డో ఫలితం: పొద్దున తొమ్మిదికి కలిపాను. మధ్యాహ్నం ఒంటిగంటకి ఏమీ లేదు, భయం వేసింది. నాలుగింటికి పావు వంతు పెరిగింది. ఇప్పుడు ఒకటిన్నర రెట్లు, ఇంకా పెరుగుతూనే ఉంది, వేలితో నొక్కితే మెత్తగా గాలిగా ఉంది. గది 23 డిగ్రీలు. స్టార్టర్ మాత్రం నిన్నటి నుంచి మూడు ఫీడ్లూ ఏడు గంటల్లో రెండింతల పైనే వచ్చింది. రెడీ అయినట్టా కాదా?

వేడిపెనం (మంగళవారం, సాయంత్రం 6:40)

చేసేయండి! పొంగుతున్నదాన్ని పట్టుకుని ఇంకెన్నాళ్లు చూస్తారు.

పాతజాడీ (మంగళవారం, రాత్రి 7:30)

నేనైతే ఇంకో రెండు మూడు రోజులు రెండు పూటలా ఫీడ్ చేసి, ఇదే పరీక్ష మళ్లీ చేస్తాను. తొమ్మిది గంటలకి ఒకటిన్నర రెట్లంటే ఈస్ట్ ఉంది, ఇంకా తక్కువగా ఉంది. డో మరీ ఎక్కువసేపు పులిస్తే పులుపు పెరిగి జిగురు తెగిపోతుంది, ఓవెన్‌లో నిలబడకుండా పక్కలకి పరుచుకుంటుంది. ఆ గండం ఎందుకు.

లెక్కలమాస్టారు (మంగళవారం, రాత్రి 7:55)

నేను మీతో పూర్తిగా ఏకీభవించను. 25కి, 23కి తేడా చిన్నగా కనిపిస్తుంది గానీ తొమ్మిది గంటల లెక్కలో అది గంటకి పైనే తినేస్తుంది. అదే డో వెచ్చగా ఉంటే మీరు చెప్పిన రెండింతలకి దగ్గరగా వచ్చేది. ముందు డోలో కలిపే నీళ్లు కొంచెం గోరువెచ్చగా తీసుకుని చేసి చూడమంటాను, స్టార్టర్‌ని 20 బదులు 25 గ్రాములు వేసి.

గోధుమరంగు (మంగళవారం, రాత్రి 8:30)

ఇద్దరి మాటా వింటాను. గ్లాసులో ఉన్నదాన్ని ఇంకో రెండు గంటలు చూసి రెండింతలు అవుతుందో, మధ్యలోనే కూలుతుందో రాస్తాను. స్టార్టర్‌కి రెండు పూటలా ఫీడ్ ఆపను. శనివారం 300 గ్రాముల పిండితో చిన్న రొట్టె ఒకటే చేస్తాను, వెచ్చటి నీళ్లు, స్టార్టర్ కాస్త ఎక్కువ.

చిన్నచెంచా (మంగళవారం, రాత్రి 9:05)

ఇదంతా చదివాక నేనూ పెడదామనుకుంటున్నాను. కుళాయి నీళ్లు పనికొస్తాయా, క్లోరిన్ వాసన వస్తుంది మాకు.

పాతజాడీ (మంగళవారం, రాత్రి 9:25)

కాచి చల్లార్చినవి గానీ, రాత్రంతా మూత లేకుండా ఉంచినవి గానీ వాడండి, క్లోరిన్ పోతుంది. కొన్ని చోట్ల నీళ్లలో క్లోరమైన్ కలుపుతారు, అది అలా ఉంచినంత మాత్రాన పోదు. అలాంటి చోట ఫిల్టర్ నీళ్లు మేలు. పెట్టేటప్పుడు మాత్రం కప్పు పక్కనపెట్టి తూకం తీయండి.